కాస్టిక్ సోడాలో కార్బొనేట్ ఎంత? రెండు రంగులతో తేల్చే వార్డర్ పద్ధతి

సబ్బు తయారుచేసే చిన్న షెడ్లలో కాస్టిక్ సోడా సంచిని ఒక్కరోజులో వాడేయరు. కావలసినంత తీసుకుని, సంచి మూతి చుట్టి ఓ మూలన పెడతారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ విప్పితే ఫ్లేక్స్ తెల్లగానే ఉంటాయి. అక్కడక్కడా కాస్త చెమ్మ, పైన సన్నటి పొడి తప్ప పెద్ద తేడా ఏమీ కనిపించదు. నీళ్లలో వేస్తే ఎప్పటిలాగే వేడెక్కుతుంది, వేలికి జారుడుగా తగులుతుంది, ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తుంది. కానీ ఆ సంచిలోని సరుకులో కొంత ఇప్పుడు కాస్టిక్ సోడా కాదు, చాకలి సోడా.

కారణం గాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకు నాలుగు పాళ్లకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. అంత తక్కువ ఉన్నా సోడియం హైడ్రాక్సైడ్ దాన్ని వదలకుండా పీల్చుకుంటుంది. ముందు గాలిలోని తేమను లాక్కుని పైపైన తడుస్తుంది, ఆ తడిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి సోడియం కార్బొనేట్‌గా మారుతుంది:

2NaOH + CO₂ → Na₂CO₃ + H₂O

కర్నూలులోనూ కొవ్వూరులోనూ ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టి కాస్టిక్ సోడా తీసే కర్మాగారాలున్నాయి. అలాంటి కర్మాగారం నుంచి ఎంత శుభ్రమైన సరుకు వచ్చినా, సంచి విప్పిన క్షణం నుంచి ఈ మార్పు మొదలవుతుంది. కొన్నవాడికి కావలసింది ఒకే ప్రశ్నకు జవాబు: ఇందులో ఇంకా నిజమైన హైడ్రాక్సైడ్ ఎంత మిగిలింది, కార్బొనేట్ ఎంత చేరింది?

ఒక్క కొలతతో ఎందుకు తేలదు

క్షారం ఎంతుందో తెలుసుకోవడానికి మామూలుగా చేసే పని, గాఢత తెలిసిన ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి కొద్దికొద్దిగా వదులుతూ, క్షారం పూర్తిగా తటస్థమవడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడడం. దీన్నే టైట్రేషన్ అంటాం. క్షారం అయిపోయిందని మనకు చెప్పేది ద్రావణంలో వేసిన ఒకటి రెండు చుక్కల రంగు పదార్థం, అంటే సూచిక.

ఇక్కడే చిక్కు వస్తుంది. పై సమీకరణాన్ని మరోసారి చూడండి. రెండు హైడ్రాక్సైడ్ అణువులు పోయి ఒక కార్బొనేట్ అణువు వచ్చింది. రెండు హైడ్రాక్సైడ్లకు రెండు పాళ్ల ఆమ్లం కావాలి. ఆ ఒక్క కార్బొనేట్ పూర్తిగా తటస్థం కావడానికీ సరిగ్గా రెండు పాళ్ల ఆమ్లమే కావాలి. అంటే గాలి ఎంత కార్బొనేట్ చేసినా ద్రావణం తాగే మొత్తం ఆమ్లం రవ్వంత కూడా మారదు. మొత్తం క్షారాన్ని మాత్రమే కొలిచేవాడికి పాడైన సోడా, మంచి సోడా ఒకేలా కనిపిస్తాయి.

ఈ ముడిని విప్పే మార్గాన్ని అమెరికా రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వార్డర్ 1881లో ప్రచురించారు. అంతకు పదేళ్ల ముందు, 1871లో, జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఫినాఫ్తలీన్‌ను తయారుచేశారు. క్షారంలో గులాబీ రంగులో మెరిసే ఆ పదార్థం ఇక్కడ పనికొచ్చింది. దానికి మిథైల్ ఆరెంజ్ జోడైంది. ఈ రెండు సూచికలూ ఆమ్లం దారిలో రెండు వేర్వేరు చోట్ల రంగు మారతాయి. ఆ రెండు చోట్ల మధ్య దూరంలోనే కార్బొనేట్ లెక్క దాగి ఉంది.

కార్బొనేట్ రెండు వాయిదాల్లో తీరుతుంది

ఆమ్లాన్ని బాకీ తీర్చే సొమ్ము అనుకుందాం. హైడ్రాక్సైడ్ బాకీ ఒకే వాయిదాలో తీరిపోతుంది:

NaOH + HCl → NaCl + H₂O

కార్బొనేట్ బాకీ మాత్రం రెండు సమానమైన వాయిదాల్లో తీరుతుంది. మొదటి వాయిదాలో అది బైకార్బొనేట్ అవుతుంది. అంటే మన వంటసోడా:

Na₂CO₃ + HCl → NaHCO₃ + NaCl

రెండో వాయిదాలో ఆ బైకార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది:

NaHCO₃ + HCl → NaCl + H₂O + CO₂

హైడ్రాక్సైడ్ అంతా అయిపోయి, కార్బొనేట్ అంతా బైకార్బొనేట్‌గా మారిన చోట ద్రావణం పీహెచ్ దాదాపు 8.3 ఉంటుంది. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు అక్కడికి వచ్చేసరికి పోతుంది. అప్పటివరకు పట్టిన ఆమ్లాన్ని V₁ అందాం. ఆ తర్వాత మిథైల్ ఆరెంజ్ వేస్తే ద్రావణం పసుపు రంగులోకి వస్తుంది. ఆమ్లం వదులుతూ పోతే, పీహెచ్ 4 దరిదాపుల్లో అది నారింజకు తిరుగుతుంది. అక్కడికి బైకార్బొనేట్ కూడా అయిపోయింది. ఈ రెండో దశలో మాత్రమే అదనంగా పట్టిన ఆమ్లం V₂.

V₁లో హైడ్రాక్సైడ్ మొత్తం, కార్బొనేట్ సగం ఉన్నాయి. V₂లో కార్బొనేట్ మిగతా సగం మాత్రమే ఉంది. కాబట్టి V₁ నుంచి V₂ తీసేస్తే మిగిలేది హైడ్రాక్సైడ్ వంతు. V₂ను రెట్టింపు చేస్తే కార్బొనేట్ వంతు. పద్ధతి సారమంతా ఈ తీసివేతలోనూ, ఈ రెట్టింపులోనూ ఉంది.

ఒక సంచి లెక్క

నెలల తరబడి మూత సరిగా పడని సంచి నుంచి ఒక నమూనా వచ్చిందనుకుని, పరీక్ష మొదటి నుంచీ చేద్దాం.

నమూనా తీయడంలోనే జాగ్రత్త మొదలవుతుంది. గాలి తగిలే పైపొరలో కార్బొనేట్ ఎక్కువ, అడుగున తక్కువ. ఒక్క గుప్పెడు ఫ్లేక్స్ పైనుంచి తీస్తే సంచి మొత్తం గురించి అబద్ధం చెబుతుంది. పైన, మధ్యన, అడుగున తీసిన ఫ్లేక్స్‌ను కలిపి, మూత ఉన్న తూకం సీసాలో గబగబా 12.5 గ్రాములు తూచుకోవాలి. తూచేటప్పుడు నెమ్మదిస్తే త్రాసు మీదే అది తేమ తాగి బరువెక్కుతుంది.

కరిగించే నీళ్లు ముఖ్యం. మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో గాలి నుంచి కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మనం కొలవబోయే మార్పునే ఆ నీళ్లు మన కళ్లముందు చేసేస్తాయి. అందుకే నీళ్లను కొన్ని నిమిషాలు బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడాలి. సోడాను నీళ్లలోకి కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు పుట్టే వేడికి చిందితే చర్మం, కళ్లు కాలతాయి. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా దీని జోలికి పోకూడదు.

చల్లారాక 250 మిల్లీలీటర్లకు నింపి, బాగా కలిపి, బిరడా బిగించాలి. అందులోంచి 25 మిల్లీలీటర్లు తీసి మరో ఫ్లాస్కులో మళ్లీ 250 మిల్లీలీటర్లకు పలుచన చేయాలి. ఈ పలుచటి ద్రావణంలో ప్రతి 25 మిల్లీలీటర్లలోనూ అసలు నమూనా 0.125 గ్రాములు, అంటే 125 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్ద మొత్తం తూచి రెండుసార్లు పలుచన చేయడం వల్ల సంచి సగటు పట్టుబడుతుంది, బ్యూరెట్‌కు సరిపడే చిన్న పరిమాణమూ దొరుకుతుంది.

బ్యూరెట్‌లో 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం నింపాలి. దాని గాఢతను ముందే ఓవెన్‌లో ఎండబెట్టిన స్వచ్ఛమైన సోడియం కార్బొనేట్‌తో సరిచూసి ఉంచుకోవాలి. పిపెట్‌తో, నోటితో కాకుండా రబ్బరు బల్బుతో, 25 మిల్లీలీటర్ల ద్రావణాన్ని కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే ముదురు గులాబీ రంగు వస్తుంది. బ్యూరెట్ కొనను ద్రావణానికి దగ్గరగా దించి, ఫ్లాస్కును తిప్పుతూ ఆమ్లం వదలాలి. గులాబీ పలచబడగానే చుక్క తర్వాత చుక్కగా వేయాలి. రంగు పూర్తిగా పోయినప్పుడు బ్యూరెట్ 26.1 చూపించింది. కాబట్టి V₁ = 26.1 మిల్లీలీటర్లు.

బ్యూరెట్‌ను మళ్లీ నింపకుండా అక్కడినుంచే సాగాలి. రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేస్తే ద్రావణం పసుపు. ఇంకాస్త ఆమ్లం వేయగానే నారింజ ఛాయ తొంగిచూస్తుంది. అక్కడ ఆగి, ఫ్లాస్కును ఒకటి రెండు నిమిషాలు మరిగించాలి. ద్రావణంలో ఇరుక్కున్న కార్బన్ డయాక్సైడ్ తనే ఒక బలహీన ఆమ్లంలా ప్రవర్తించి రంగును ముందే తిప్పుతుంది కనుక దాన్ని వెళ్లగొట్టడానికి ఈ మరిగింపు. చల్లారాక రంగు మళ్లీ పసుపుకు పోతుంది. మరో చుక్కో రెండు చుక్కలో వేస్తే నారింజ స్థిరంగా నిలుస్తుంది. ఇప్పుడు బ్యూరెట్ 28.1. కాబట్టి V₂ = 28.1 − 26.1 = 2.0 మిల్లీలీటర్లు.

ఇక లెక్క. 0.1 నార్మల్ ఆమ్లం ఒక మిల్లీలీటరు 4.0 మిల్లీగ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌కు సమానం. హైడ్రాక్సైడ్ వంతు V₁ − V₂ = 24.1 మిల్లీలీటర్లు. 24.1 × 4.0 = 96.4 మిల్లీగ్రాములు. 125 మిల్లీగ్రాముల నమూనాలో ఇది 77.1 శాతం.

కార్బొనేట్ వంతు 2 × 2.0 = 4.0 మిల్లీలీటర్లు. పూర్తిగా తటస్థమయ్యే కార్బొనేట్‌కు ఒక మిల్లీలీటరు ఆమ్లం 5.3 మిల్లీగ్రాములకు సమానం. 4.0 × 5.3 = 21.2 మిల్లీగ్రాములు, అంటే 17.0 శాతం. రెండూ కలిపితే 94.1 శాతం. మిగిలిన 5.9 శాతంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలో సగం దాకా కార్బొనేట్ పుట్టినప్పుడు దానితోపాటు పుట్టిందే, మిగతాది సంచి తాగిన తేమ.

ఇదే నమూనాను మిథైల్ ఆరెంజ్ ఒక్కదానితో కొలిచి ఉంటే? మొత్తం 28.1 మిల్లీలీటర్లను 4.0తో గుణించి, 112.4 మిల్లీగ్రాములు, అంటే 89.9 శాతం సోడియం హైడ్రాక్సైడ్ అని రాసేవాళ్లం. నిజం 77.1 శాతం.

ఆ తేడా సబ్బులో ఎక్కడ తేలుతుంది

ఒక కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 183 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. సరుకు 89.9 శాతం ఉందని నమ్మితే 203.6 గ్రాముల ఫ్లేక్స్ తూచి వేస్తాం. కానీ అందులో నిజమైన హైడ్రాక్సైడ్ 157 గ్రాములే. 26 గ్రాములు తక్కువ. మిగతా క్షారం కార్బొనేట్ రూపంలో ఉంది. అది నూనెలోని విడి కొవ్వు ఆమ్లాలను తటస్థం చేయగలదు గానీ అసలు నూనెను విడగొట్టి సబ్బు చేయడం దానివల్ల కాదు. ఫలితంగా కిలో నూనెలో దాదాపు 140 గ్రాములు సబ్బు కాకుండానే మిగిలిపోతుంది. మెత్తగా, జిడ్డుగా ఉండే సబ్బు కడ్డీకి కారణం నూనెలో ఉందని వెతుకుతాం. కారణం తూకంలో ఉంది.

బ్యూరెట్ చెప్పే సంకేతాలు

ఈ పద్ధతిలో మొత్తం కొలత గాలి వల్ల మారదని ముందే చూశాం. ఆ లక్షణమే మన తప్పులను పట్టుకోవడానికి పనికొస్తుంది. ఒకే ద్రావణం నుంచి 25 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు తీసి పరీక్షిస్తే మూడు మొత్తాలూ 0.1 మిల్లీలీటరు లోపు కలవాలి. మొత్తాలు కలవకపోతే తప్పు పిపెట్‌లోనో, బ్యూరెట్ చదవడంలోనో ఉంది. మొత్తాలు కలిసి V₁లు మాత్రం కలవకపోతే, దోషం వేరే.

మొదటి పరీక్షలో 26.1, 28.1 వచ్చాయి. ఫ్లాస్కు మూత తీసి ఉంచి గంట తర్వాత చేస్తే 25.9, 28.1 వచ్చిందనుకోండి. మొత్తం కదలలేదు, V₁ తగ్గింది. అంటే ఆ గంటలో ద్రావణం గాలిని తాగింది. V₁ 0.2 మిల్లీలీటర్లు తగ్గితే V₂ కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి తీసివేతలో తేడా రెట్టింపై 0.4 అవుతుంది. హైడ్రాక్సైడ్ 77.1 నుంచి 75.8 శాతానికి పడిపోతుంది. తీసిన ప్రతి 25 మిల్లీలీటర్లనూ వెంటనే పరీక్షించాలనేది ఇందుకే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఆమ్లాన్ని ధారగా వదిలితే, చుక్క పడిన చోట ఒక్క క్షణం ఆమ్లం ఎక్కువై, అక్కడున్న కార్బొనేట్ రెండు దశలనూ ఒకేసారి దాటి కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది. గులాబీ ఇంకా పోకముందే సన్నటి బుడగలు కనిపిస్తాయి. అప్పుడు V₁ పెరుగుతుంది, V₂ తగ్గుతుంది, మొత్తం మాత్రం అలాగే ఉంటుంది. హైడ్రాక్సైడ్ ఉన్నదానికన్నా ఎక్కువగా, కార్బొనేట్ తక్కువగా కనిపిస్తుంది. మొదటి దశ చివర్లో నెమ్మదిగా, కలుపుతూ సాగడమే దీనికి మందు. ద్రావణాన్ని ఐసునీటిలో చల్లగా ఉంచితే ఇంకా మేలు, చల్లటి ద్రావణం నుంచి కార్బన్ డయాక్సైడ్ అంత తేలిగ్గా తప్పించుకోదు.

అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది గులాబీ పోయే చోటే. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడు ఒక్క చుక్కకే రంగు ఠక్కున మారుతుంది. కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారే దశలో అలా కాదు. పీహెచ్ నెమ్మదిగా జారుతుంది, గులాబీ మెల్లగా వెలిసిపోతుంది. ఇదే పోయినచోటు అని ఇద్దరు వేర్వేరు చుక్కల దగ్గర ఆగుతారు. ఇందుకు ప్రయోగశాలల్లో పోలిక ఫ్లాస్కు పెట్టుకుంటారు. అంతే పరిమాణంలో వంటసోడా పలుచటి ద్రావణం తీసుకుని, అందులోనూ సరిగ్గా అన్నే చుక్కల ఫినాఫ్తలీన్ వేసి పక్కన ఉంచుతారు. మన ఫ్లాస్కు రంగు దాని రంగుకు సమానమైన చోట ఆగాలి. మరో దారి థైమాల్ బ్లూ ఆరు పాళ్లు, క్రెసాల్ రెడ్ ఒక పాలు కలిపిన మిశ్రమ సూచిక. అది పీహెచ్ 8.4 వద్ద ఊదా, 8.2 వద్ద గులాబీ. మధ్యలో 8.3 వద్ద నీలం మీదుగా దాటుతుంది కాబట్టి కంటికి గుర్తు దొరుకుతుంది.

ఇంకో గుర్తు పెట్టుకోవలసిన విషయం: చాలా గాఢమైన క్షారంలో ఫినాఫ్తలీన్ గులాబీ తనంతట తానే క్రమంగా వెలిసిపోతుంది. పలుచన చేయకుండా పరీక్షించేవారు దాన్ని అంత్య బిందువు అని పొరబడవచ్చు. పైన రెండుసార్లు పలుచన చేయడం ఇందుకూ పనికొచ్చింది.

ఈ పద్ధతికి ఎల్లలు

వచ్చిన అంకెలు అసలు ఈ మిశ్రమానివేనా అని V₁, V₂లే చెబుతాయి. V₁ పెద్దదైతే హైడ్రాక్సైడ్, కార్బొనేట్ కలిసి ఉన్నాయి. రెండూ సమానమైతే హైడ్రాక్సైడ్ ఏమీ మిగల్లేదు, ఉన్నదంతా కార్బొనేటే. V₂ పెద్దదైతే కార్బొనేట్‌తో బైకార్బొనేట్ ఉంది. హైడ్రాక్సైడ్, బైకార్బొనేట్ ఒకే ద్రావణంలో కలిసి ఉండలేవు, ఎదురుపడగానే చర్య జరిగి కార్బొనేట్ అవుతాయి. బాయిలర్ నీటి పరీక్ష నివేదికల్లో కనిపించే P, M క్షారత అంకెల వెనుక ఉన్నదీ ఇదే లెక్క: P ఫినాఫ్తలీన్ వరకు, M మిథైల్ ఆరెంజ్ వరకు.

కార్బొనేట్ బాగా తక్కువ ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది. మన ఉదాహరణలో V₂ 2.0 మిల్లీలీటర్లు. గులాబీ పోయే చోట ఒక చుక్క, సుమారు 0.05 మిల్లీలీటరు, అటూ ఇటూ అయితే కార్బొనేట్ విలువలో రెండున్నర శాతం తేడా వస్తుంది. అది భరించగలం. కానీ కొత్త సంచిలో V₂ 0.3 మాత్రమే అనుకుంటే, అదే చుక్క కార్బొనేట్ విలువను ఆరో వంతు మార్చేస్తుంది. అలాంటి శుభ్రమైన సరుకుకు జర్మన్ శాస్త్రవేత్త క్లెమెన్స్ వింక్లర్ పద్ధతి నప్పుతుంది. 1886లో జెర్మేనియం మూలకాన్ని కనుగొన్నది ఈయనే. ఆయన పద్ధతిలో ద్రావణానికి బేరియం క్లోరైడ్ కలిపితే కార్బొనేట్ అంతా బేరియం కార్బొనేట్‌గా తెల్లగా అవక్షేపమై పక్కకు తప్పుకుంటుంది. మిగిలిన హైడ్రాక్సైడ్‌ను ఫినాఫ్తలీన్‌తో నెమ్మదిగా కొలుస్తారు, గులాబీ ఠక్కున పోతుంది. మరో భాగంలో మిథైల్ ఆరెంజ్‌తో మొత్తం కొలుస్తారు. రెంటి తేడా కార్బొనేట్. బేరియం లవణం విషం కాబట్టి దాన్ని సింకులో పారబోయకూడదు, చేతులు కడుక్కోకుండా ఏమీ ముట్టకూడదు.

కాబట్టి ఏది ఎప్పుడు అన్నది సరుకే నిర్ణయిస్తుంది. గాలి తగిలి పాతబడిన సోడాకు, కార్బొనేట్ కొన్ని శాతాలకు మించి ఉన్నచోట, వార్డర్ పద్ధతి పావుగంటలో నమ్మదగిన జవాబిస్తుంది. కొత్తగా వచ్చిన సరుకుకు వింక్లర్. ఏది చేసినా నివేదికలో మొత్తం క్షారం ఒక్కటే రాసి సరిపెట్టకూడదు. V₁, V₂ రెంటినీ రాయాలి, హైడ్రాక్సైడ్ ఎంత, కార్బొనేట్ ఎంత అని విడివిడిగా చూపాలి. సబ్బు పోసేవాడు ఫ్లేక్స్ తూకాన్ని లెక్కగట్టవలసింది హైడ్రాక్సైడ్ అంకె మీదే: 183 గ్రాములు కావలసినచోట, 77.1 శాతం సరుకులోంచి అతను తూచవలసింది 203.6 కాదు, దాదాపు 237 గ్రాములు.